సుగ్గి మండలాల లెక్కతో సుగ్గి పిల్లల గురించి రాయొచ్చా?

ప్రశ్న: సార్, ఉమ్మడి కర్నూలు జిల్లా మండలాలవారీ లెక్కలతో ఎంఏ ప్రాజెక్ట్ చేస్తున్నాను. సుగ్గికి, అంటే కోతల కాలంలో వేరే జిల్లాలకు కూలి వలస పోయే కుటుంబాలు ఎక్కువున్న మండలాల్లో బడి మానేసిన పిల్లల శాతం కూడా ఎక్కువుంది, కోరిలేషన్ 0.7 వచ్చింది. "సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలే బడి మానేస్తున్నారు" అని రాస్తే మా గైడ్ ఆ వాక్యం కొట్టేసి పక్కన "ఎకలాజికల్ ఫాలసీ" అని రాశారు. ఇంత గట్టి సంబంధం ఉన్నా ఎందుకు రాయకూడదు? ఆదోని వైపు ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు కదా.

సమాధానం:

చూడమ్మా, మీ గైడ్ సరైన వాక్యాన్నే కొట్టేశారు. నీ 0.7లో తప్పేమీ లేదు, కాకపోతే అది మండలాల గురించి చెప్పిన మాట. నువ్వు రాసిన వాక్యం పిల్లల గురించి. నీ ఫైల్లో ఒక్కో వరుస ఒక్కో మండలం, అందులో ఎక్కడా ఒక్క పిల్లాడు లేడు. ఫలానా పిల్లాడి అమ్మానాన్న సుగ్గికి పోయారా, ఆ పిల్లాడే బడి మానేశాడా అని రెండు సంగతులూ కలిపి చెప్పే వరుస ఒక్కటి కూడా నీ దగ్గర లేదు. మండలంలో సుగ్గి ఇళ్ల పిల్లలు ఎంతమందో తెలుసు, బడి మానేసినవాళ్లు ఎంతమందో తెలుసు, ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నవాళ్లు ఎంతమందో తెలీదు. నీ వాక్యానికి కావాల్సింది సరిగ్గా ఆ మూడో అంకె. ప్రాంతాల లెక్క నుంచి మనుషుల గురించి తేల్చెయ్యడమే మీ గైడ్ రాసిన ఎకలాజికల్ ఫాలసీ.

"తెలీకపోయినా ఊహించొచ్చు కదా, సంబంధం అంత గట్టిగా ఉంటే" అని నీకు అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. అందుకే ఒక లెక్క చేసి చూపిస్తాను. ఇవి నిజమైన మండలాల అంకెలు కావు, అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మూడు మండలాలు, ఒక్కోదాంట్లో బడి ఈడు పిల్లలు వెయ్యిమంది అనుకుందాం.

| మండలం | సుగ్గి ఇళ్ల పిల్లలు | మిగతా ఇళ్ల పిల్లలు | బడి మానేసినవాళ్లు |
|---|---|---|---|
| క | 100 | 900 | 58 |
| ఖ | 300 | 700 | 108 |
| గ | 500 | 500 | 160 |

సుగ్గి పెరిగేకొద్దీ బడి మానడం పెరిగింది. గ్రాఫ్ గీస్తే మూడు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద పడతాయి, నీ 0.7 కంటే గట్టి సంబంధం. ఇప్పుడు ఈ పట్టిక లోపల ఏం జరిగి ఉండొచ్చో రెండు రకాలుగా చూద్దాం.

మొదటిది నువ్వు రాసిన కథ. సుగ్గి ఇళ్ల పిల్లల్లో ప్రతి మండలంలోనూ 29 శాతం మంది మానేశారు, మిగతా ఇళ్లలో సుమారు మూడు శాతం. అంటే క మండలంలో సుగ్గి పిల్లలు 29 మంది, మిగతావాళ్లు 29 మంది, మొత్తం 58. ఖలో 87, 21, మొత్తం 108. గలో 145, 15, మొత్తం 160. పట్టికతో సరిగ్గా సరిపోయింది.

రెండోది చూడు. క మండలంలో సుగ్గి పిల్లల్లో 4 మంది మానేశారు, మిగతావాళ్లలో 54 మంది. మొత్తం మళ్లీ 58. ఖలో సుగ్గి పిల్లలు 24, మిగతావాళ్లు 84, మొత్తం 108. గలో 60, 100, మొత్తం 160. ఇదీ సరిపోయింది. శాతాలు వేస్తే క మండలంలో సుగ్గి పిల్లలకు 4, మిగతావాళ్లకు 6. ఖలో 8, 12. గలో 12, 20. ప్రతి మండలంలోనూ సుగ్గి ఇళ్ల పిల్లలే బడిలో ఎక్కువ నిలబడ్డారు. మూడు మండలాలూ కలిపినా అంతే, సుగ్గి పిల్లలు 900 మందిలో 88 మంది మానేశారు, సుమారు 9.8 శాతం. మిగతావాళ్లు 2100 మందిలో 238 మంది, సుమారు 11.3 శాతం.

రెండు కథలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు, కానీ పైన పట్టికలో ఒక్క అంకె కూడా మారలేదు. కోరిలేషన్ అదే, గీత అదే. మండలాలు మూడు కాకుండా యాభై తీసుకున్నా ఇదే పరిస్థితి, ఎందుకంటే మండలాలు ఎన్ని పెరిగినా ప్రతి మండలం లోపలి సంగతి మూసే ఉంటుంది. నీ వాక్యం అబద్ధమని నేను అనడం లేదు. నిజమే కావచ్చు. నీ లెక్క మాత్రం దానికి సాక్ష్యం చెప్పలేదు.

రెండో కథ కాగితం మీద తప్ప ఊళ్లో ఎక్కడుంటుంది అంటావేమో. కోసిగి, పెద్దకడబూరు, హొళగుంద, ఆస్పరి వైపు ఒకసారి ఆలోచించు. సుగ్గి ఎక్కువున్న మండలమంటే వాన మీద బతికే నేల, ఆ ఏడు వాన రాకపోతే చేతిలో పని లేని ఊళ్లు. అలాంటి చోట హైస్కూలు దూరం, బస్సు లేదు, ఇంట్లో రోజు గడవడమే కష్టం, ఇది సుగ్గికి పోయిన ఇంటికీ పోని ఇంటికీ సమానమే. అమ్మానాన్న గుంటూరు మిరప కోతలకు పోతే కొందరు పిల్లల్ని సీజనల్ హాస్టల్లో పెడతారు, కొందరు అవ్వ దగ్గర వదిలి చేతిలో కాస్త డబ్బుతో తిరిగొస్తారు. పోని ఇంట్లో ఏమవుతుంది? ముసలివాళ్లో జబ్బుతో ఉన్నవాళ్లో ఉండి పోలేని ఇల్లు అది చాలాసార్లు. ఆ ఇంటి ఆడపిల్ల పత్తి విత్తనాల చేలో పూలకు పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి పోతుంది, మగపిల్లాడు మేకల వెనక పోతాడు, ఊళ్లోనే ఉంటారు కాబట్టి వాళ్లు బడి మానేసిన సంగతి ఎవరి కంటా పడదు. లారీ ఎక్కి పోయే పిల్లాడు మాత్రం అందరికీ కనిపిస్తాడు. "ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు" అన్నావు చూడు, ఆ మాట బరువు తూచేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో. జనం మాటను నేను తీసిపారేయను, కానీ అది సాక్ష్యమైతే దాన్ని ఇంటర్వ్యూల కింద రాయి, 0.7 దానికి బలమిచ్చినట్టు రాయకు.

ఈ తప్పుకు చదువుకోవాల్సిన పాత ఉదాహరణ ఒకటుంది, వైవాలో కూడా పనికొస్తుంది. 1950లో డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ అనే అమెరికా సోషియాలజిస్ట్ 1930 జనాభా లెక్కలు తీసుకుని, వేరే దేశంలో పుట్టి అమెరికా వచ్చినవాళ్లకూ చదవడం రాయడం రాకపోవడానికీ ఉన్న సంబంధాన్ని చూశాడు. రాష్ట్రాలవారీగా చూస్తే వలసవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, కోరిలేషన్ మైనస్ 0.53. రాష్ట్రాలను కలిపి తొమ్మిది పెద్ద ప్రాంతాలు చేస్తే మైనస్ 0.62. దాన్నిబట్టి వలసవాళ్లే బాగా చదువుకున్నవాళ్లు అనుకోవాలి. అదే లెక్క మనిషి మనిషికీ తీస్తే ప్లస్ 0.12, అంటే వలసవాళ్లలోనే నిరక్షరాస్యులు కాస్త ఎక్కువ. గుర్తు తిరగబడింది. కారణం తేలికే: వలస వచ్చినవాళ్లు అప్పటికే స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లో ఎక్కువగా స్థిరపడ్డారు. రాష్ట్రం చదువు అంకెను పైకి లేపింది స్థానికులు, పేరు మాత్రం వలసవాళ్లకు పోయింది. "ఎకలాజికల్ ఫాలసీ" అనే పేరు ఆ తర్వాత 1958లో సెల్విన్ అనే ఆయన రాసినదాంతో స్థిరపడింది. ఇక్కడ ఎకాలజీ అంటే చెట్లూ పర్యావరణం కాదు, ప్రాంతాలవారీ లెక్క అని మాత్రమే.

మైనస్ 0.53 కాస్తా మైనస్ 0.62 అయింది చూశావు కదా, మనుషులు అవే, గీతలు మార్చి గీశారు అంతే. నీ డేటాలో కూడా ఇదుంది. ఉమ్మడి జిల్లా తీసుకున్నావు, అంటే ఇప్పటి నంద్యాల జిల్లా కూడా కలిసింది. కేసీ కెనాల్ కింద మండలాలు ఒక గుంపు, అక్కడ సుగ్గీ తక్కువ, బడి మానడమూ తక్కువ. పడమటి మెట్ట మండలాలు ఇంకో గుంపు, రెండూ ఎక్కువ. రెండు గుంపుల్ని ఒకే గ్రాఫ్‌లో పెడితే ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత దానంతటదే వచ్చేస్తుంది. ఈ రోజే ఒక పని చెయ్యి, నంద్యాల వైపు చుక్కలకు ఒక రంగు, పడమటి మండలాలకు ఇంకో రంగు వేసి, రెండు గుంపులకూ విడివిడిగా కోరిలేషన్ తీసి చూడు. విడదీశాక 0.7 బాగా పడిపోయిందంటే, నువ్వు కొలిచింది సుగ్గిని కాదు, కాలువ నీళ్లు ఉన్న నేలకూ లేని నేలకూ ఉన్న తేడాని. పడిపోకపోయినా పిల్లల గురించి వాక్యం రాయడానికి అది చాలదు, కానీ ఆ తేడా నువ్వే ముందు చూసి రాస్తే మీ గైడ్‌కు నీ పని మీద నమ్మకం వస్తుంది.

ఇది నాకు ఎందుకింత పట్టింపో చెప్తాను. పదిహేనేళ్ల కిందట అనంతపురం వైపు ఒక సంస్థ కోసం మండలాల లెక్కలతో రిపోర్ట్ రాశాను. బోర్లు ఎక్కువగా ఎండిపోయిన మండలాల్లో బయటి వడ్డీ అప్పులు ఎక్కువున్నాయి. బోర్లు వేసినవాళ్లే ఆ అప్పుల్లో కూరుకుపోయారని రాశాను, ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే అది అందరూ నమ్మే మాట. సాయం లిస్టు బోరు ఉన్న రైతుల పేర్లతో తయారైంది. తర్వాత ఒక ఊరికి పోయినప్పుడు ఒక పెద్దావిడ అడిగింది, "నాకు బోరూ లేదు, చేనూ లేదు నాయనా, కౌలుకు చేసి మునిగినా. బోరు లేనిదానివి నీకు లిస్టులో పేరు లేదంటారు, ఏం చెయ్యల్ల?" అని. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి అడిగితే తెలిసింది. బోరు వేసినాయనకు పట్టాదారు పాసు పుస్తకం ఉంది, బ్యాంకు అప్పు వచ్చింది. ఆయన బోరు ఎండిపోతే ఆ నీళ్ల మీద కౌలు చేసిన మనిషి కూడా మునిగింది, ఆమెకు బ్యాంకు అప్పు ఇవ్వదు, బయటి వడ్డీయే దిక్కు. ఆ ఊళ్లో ఎక్కువ వడ్డీ అప్పు బోరు లేనివాళ్ల మీదే ఉంది. మండలాల లెక్క తప్పు కాదు, దాని నుంచి మనిషి మీదికి దూకింది నేను. ఆవిడ ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

సరే, నీ ప్రాజెక్ట్‌కు ఏం చెయ్యొచ్చో చూద్దాం. ఉన్న డేటాతోనే నిజాయితీగా చెప్పగలిగింది కొంత ఉంది. ప్రతి మండలానికీ, సుగ్గి పిల్లల్లో మానేసినవాళ్లు తక్కువలో తక్కువ ఎంతమంది ఉండి తీరాలి, ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉండగలరు అని హద్దులు వెయ్యొచ్చు. 1953లో డంకన్, డేవిస్ అనే ఇద్దరు చూపించిన పద్ధతి ఇది. ఎక్సెల్లో A కాలమ్‌లో మొత్తం పిల్లలు, B కాలమ్‌లో సుగ్గి పిల్లలు, C కాలమ్‌లో మానేసినవాళ్లు పెట్టుకుని ఈ రెండు ఫార్ములాలు వెయ్యి:

```
కింది హద్దు:  =MAX(0,C2-(A2-B2))/B2
పై హద్దు:     =MIN(B2,C2)/B2
```

మొదటిదాని అర్థం ఏంటంటే, మానేసినవాళ్లందర్నీ వీలైనంతవరకు మిగతా ఇళ్లకే అంటగట్టాక ఇంకా మిగిలినవాళ్లు సుగ్గి ఇళ్లవాళ్లే అయి ఉండాలి. పైన గ మండలానికి వేస్తే సున్నా నుంచి 32 శాతం వస్తుంది. సున్నా కావచ్చు, 32 కావచ్చు అంటే దాదాపు ఏమీ తెలీదనే. నీ మండలాలకు కూడా చాలావరకు ఇలాగే వస్తుందని నా అంచనా, ఎందుకంటే మానేసినవాళ్ల సంఖ్య మిగతా ఇళ్ల పిల్లల సంఖ్య కంటే తక్కువున్నంతకాలం కింది హద్దు సున్నాయే. వచ్చినా సిగ్గుపడకుండా ఆ హద్దుల పట్టిక రిపోర్ట్‌లో పెట్టు.

చిన్న ప్రాంతాలకు దిగితే హద్దులు బిగుసుకుంటాయి. ఒక తండాలో వందమంది పిల్లలు, అందులో 92 మంది సుగ్గి ఇళ్లవాళ్లు, 20 మంది మానేశారు అనుకో. మిగతా ఎనిమిదిమందీ మానేశారనుకున్నా పన్నెండుమంది సుగ్గి పిల్లలే అయి తీరాలి. హద్దులు సుమారు 13 నుంచి 22 శాతం. ఇది పనికొచ్చే సమాచారం. కాకపోతే ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. 92 శాతం సుగ్గికి పోయే తండా, పది శాతం పోయే ఊరిలాంటిది కాదు. తండాలో సుగ్గి పిల్లలకు తేలిన శాతాన్ని అన్ని ఊళ్ల సుగ్గి పిల్లలకూ అతికిస్తే మళ్లీ అదే దూకుడు, కాస్త చిన్న మెట్టు మీంచి.

దానికంటే ముందు ఒక సంగతి తేల్చుకో, ఇది నిజానికి నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. నీ రెండు కాలమ్‌లూ ఎక్కణ్నుంచి వచ్చాయి? సుగ్గి లెక్క ఇళ్ల సర్వే నుంచి, బడి మానేసిన లెక్క స్కూలు రిజిస్టర్ నుంచి అయితే, అమ్మానాన్నతో నవంబరులో పోయి మార్చిలో వచ్చే పిల్లాణ్ని ఆ రిజిస్టర్‌లో ఎలా రాశారో కనుక్కో. ఒక స్కూల్లో పేరు ఉంచి ఆబ్సెంట్ వేస్తారు, ఇంకో స్కూల్లో మానేసినట్టు రాసేస్తారు. రెండో రకం స్కూళ్లు పడమటి మండలాల్లో ఎక్కువుంటే నీ గ్రాఫ్‌లో సుగ్గిని సుగ్గితోనే పోల్చినట్టు, 0.7 రావడంలో వింతేమీ లేదు. పైగా సీజనల్ హాస్టల్ పిల్లలు సర్వేలో సుగ్గి ఇళ్లలో ఉంటారు, బడి మానేసినవాళ్లలో ఉండరు, వాళ్లెంతమందో విడిగా తెలిస్తేనే మంచిది.

అసలు నీ ప్రశ్నకు జవాబు కావాలంటే పిల్లల పేర్లతోనే పని చెయ్యాలి, దానికి జిల్లా అంతా తిరగక్కర్లేదు. సుగ్గి తక్కువ, మధ్యరకం, ఎక్కువ ఉన్న మూడు మండలాలు ఎంచుకో, ఒక్కోదాంట్లో నాలుగైదు ఊళ్లు. రెండేళ్ల కిందటి రిజిస్టర్ నుంచి ఆరు, ఏడు తరగతుల పిల్లల పేర్లు హెడ్మాస్టరు అనుమతితో తీసుకుని, ఒక్కో ఇంటికీ రెండే ప్రశ్నలు: ఆ ఏడు ఇంట్లోంచి ఎవరైనా సుగ్గికి పోయారా, పిల్ల ఇప్పుడు బడికి పోతోందా. రిజిస్టర్ నుంచే ఎందుకంటే, ఇప్పుడు ఊళ్లో కనిపించిన పిల్లల్నే అడిగితే సుగ్గికి పోయినవాళ్లు తప్పిపోతారు. అందుకే తిరిగేది ఉగాది తర్వాత పెట్టుకో, అప్పటికి చాలామంది ఇళ్లకొస్తారు. తాళం వేసిన ఇళ్లను వదిలెయ్యకు, పక్కింట్లో అడిగి రాసుకో, ఎన్ని తాళాలున్నాయో కూడా రాయి.

ఎంతమంది కావాలంటే, 12కీ 20కీ ఉన్నంత తేడాని పట్టాలన్నా ఒక్కో మండలంలో ఒక్కో వైపు సుమారు 330 మందైనా ఉండాలి, ఒకే ఊరి పిల్లలు ఒకలాగే ఉంటారు కాబట్టి ఇంకాస్త ఎక్కువైతే నయం. అంత వీలుకాకపోతే మూడు మండలాల బదులు ఒక్క మండలమే బాగా చెయ్యి. తర్వాత పోలిక మండలం లోపలే చెయ్యాలి, గ మండలం సుగ్గి పిల్లల్ని గ మండలం మిగతా పిల్లలతోనే. క మండలంవాళ్లతో పోలిస్తే నేల తేడా మళ్లీ లోపలికొస్తుంది. లాజిస్టిక్ రిగ్రెషన్ తెలిస్తే ఇంటి సంగతితోపాటు మండలంలో సుగ్గి శాతం కూడా మోడల్లో పెట్టు, మండలాలు మూడే అయితే ఆ రెండో అంకెను పెద్దగా నమ్మకు.

ఆ రెండు అంకెలూ వేర్వేరు మాటలు చెప్పొచ్చు, చెప్తే భయపడకు. సుగ్గి ఎక్కువున్న మండలంలో బడి మానడం అందరిలోనూ ఎక్కువ, కానీ ఇంటి పక్కన ఇల్లు పెట్టి చూస్తే సుగ్గికి పోయిన ఇంటికీ పోని ఇంటికీ తేడా లేదు అని తేలితే, హాస్టల్ సీటు సుగ్గి ఇంటికి మాత్రమే ఇవ్వడం సరిపోదని అర్థం, క్రాసింగ్‌కు పోయే పిల్ల దాని బయటే మిగిలిపోతుంది. తేడా పెద్దదని తేలితే నీ మొదటి వాక్యమే నిజం, అప్పుడు అది ధైర్యంగా రాయి.

ఈలోపు ప్రాజెక్ట్ ఇచ్చే తేదీ దగ్గరపడితే, కొట్టేసిన వాక్యం చోట ఇలా రాయి: "సుగ్గికి పోయే కుటుంబాల శాతం ఎక్కువున్న మండలాల్లో బడి మానేసిన పిల్లల శాతం కూడా ఎక్కువగా ఉంది. ఆ పిల్లలు సుగ్గి ఇళ్లవాళ్లా, మిగతా ఇళ్లవాళ్లా అన్నది ఈ లెక్కలతో తేలదు." దాని కింద హద్దుల పట్టిక, రెండు రంగుల గ్రాఫ్ పెట్టు. ఏ మండలానికి ఎక్కువ టీచర్లు, బస్సులు కావాలి అన్న ప్రశ్నకు నీ మండలాల లెక్క ఇప్పుడున్నట్టే పనికొస్తుంది, ఆ భాగం తీసెయ్యకు. రిజిస్టర్ సంగతి కనుక్కున్నాక ఇక్కడే రాయి, ఆ రెండు కాలమ్‌ల అర్థం తెలిస్తే మిగతాది కూర్చుని చూద్దాం.